కాలవగట్టు ట్యూషన్ సెంటర్, పాలకొల్లు: గూగుల్ మ్యాప్స్‌లో పెట్టే వివరాలు

మాస్టారండీ, రేపు సాయంత్రం క్లాసయ్యాక ఫోనులో ఎక్కించేద్దాం. ఈలోపు ఒక్కసారి చదవండి. తప్పుంటే ఎర్ర పెన్నుతో కొట్టేయండి, మీకు అలవాటే కదా.

పేరు: కాలవగట్టు ట్యూషన్ సెంటర్

బోర్డు మీద ఎలా ఉందో అలాగే పెట్టాను. మీ అబ్బాయి చెప్పిన ‘పాలకొల్లులో నంబర్ వన్ లెక్కల ట్యూషన్’ అన్న తోక తగిలించలేదు. బోర్డు మీద లేని మాటలు పేరులో చేర్చకూడదని గూగుల్ నియమం. ఎవరైనా ఫిర్యాదు కొడితే మొత్తం ఆగిపోవచ్చు.

ప్రధాన కేటగిరీ: Tutoring service
అదనం: Coaching center

మీరు School అన్నారు గానీ, అది పెడితే బడి అడ్మిషన్ల కోసం వెతికేవాళ్లు ఫోన్ చేసి మీ సాయంత్రం పాడుచేస్తారండీ. మనది బడి కాదు. దగ్గర్లో ట్యూషన్ కోసం వెతికే తల్లికి కనబడాలంటే ప్రధానంగా మొదటిదే ఉండాలి. పాలిసెట్ బ్యాచి నిజంగా నడుపుతున్నారు కాబట్టి రెండోది. మొత్తం పది దాకా పెట్టుకోవచ్చు, కానీ చెప్పని చదువుకి కేటగిరీ ఎందుకు? అమ్మగారు వేసవిలో నేర్పే కుట్టుపని కూడా వదిలేశాను, ఆవిడకి మీరే చెప్పాలి.

వివరణ (750 అక్షరాల లోపే ఉంది):

పాలకొల్లులో కాలవగట్టు మీద మేడింట్లో 2009 నుంచి నడుస్తున్న ట్యూషన్. ఆరు నుంచి పదో తరగతి దాకా లెక్కలు, ఫిజికల్ సైన్సు, బయాలజీ చెబుతాం. స్టేట్ సిలబస్, తెలుగు, ఇంగ్లీషు మీడియంలు. బ్యాచికి 15 మందికి మించరు.

లెక్క ఏ మెట్టులో తప్పిందో అక్కడే ఆపి, బోర్డు దగ్గరికి పిలిచి మళ్లీ చేయిస్తాం. శనివారం స్లిప్ టెస్టు. దిద్దిన పేపరు సోమవారం ఇంటికి వస్తుంది, సంతకం చేసి పంపాలి. టెన్త్ వాళ్లకి జనవరి నుంచి పొద్దున్న 5.30కి క్లాసు, పబ్లిక్ పరీక్షలయ్యాక పాలిసెట్ బ్యాచి.

పూలపల్లి, ఉల్లంపర్రు, లంకలకోడేరు, దిగమర్రు పిల్లలు సైకిళ్ల మీద వస్తారు. కింద షెడ్డు ఉంది. ఆడపిల్లల బ్యాచి సాయంత్రం 7 లోపే వదులుతాం. చేర్చేముందు మూడు రోజులు కూర్చోబెట్టి చూసుకోండి.

ఫీజు, ఫోన్ నంబరు ఇందులో రాయలేదు. నంబరుకి వేరే గడి ఉంది, ఫీజు ఎదురుగా కూర్చుని మాట్లాడటమే మీకిష్టం. చదివేవాళ్లకి ముందు కనబడేది పై రెండు మూడు వరుసలే, అందుకే ఊరు, తరగతులు, సబ్జెక్టులు అక్కడ పెట్టాను.

సేవలు:

టెన్త్ లెక్కలు – పాఠం అయిన రోజే అభ్యాసంలోని ప్రతి లెక్కా నోట్సులో. ఫిబ్రవరి నుంచి 100 మార్కుల పూర్తి పేపర్లు, గడియారం పెట్టి.

టెన్త్ సైన్సు – ఫిజికల్ సైన్సు, బయాలజీ విడివిడిగా. బొమ్మలు పెన్సిలుతో రోజుకొకటి.

ఆరు, ఏడు తరగతులు – ఎక్కాలు, భిన్నాలు రాకపోతే సిగ్గేం లేదు, అక్కణ్ణుంచే మొదలు.

పాలిసెట్ – పబ్లిక్ పరీక్షలు ముగిసిన వారం నుంచి ప్రవేశ పరీక్ష దాకా, రోజూ పొద్దున.

వేళలు: సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 6–8, సాయంత్రం 5–8.30. జనవరి నుంచి ఉదయం వేళని 5.30కి మారుస్తాను. ఆదివారం సెలవు. సంక్రాంతి మూడు రోజులూ ‘మూసి ఉంది’ అని ముందే పెడుతున్నాను. తెరిచినా ఎవరొస్తారు లెండి.

అడ్రసు గురించి ఒక మాట. మొదట చూసినప్పుడు మ్యాపులో గుర్తు కాలవ అవతలి ఒడ్డున పడింది. దాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లు మీ మేడ ఎదురుగా కనిపిస్తున్నా, నీళ్లు అడ్డమై, వంతెన దాకా వెళ్లి తిరిగి రావాలి. నిన్న గేటు దగ్గర నిలబడి, గుర్తుని లాగి సరిగ్గా మీ మెట్ల మీద పెట్టాను. దగ్గర్లో ఏ ట్యూషన్ ఉందో గూగుల్ ఈ గుర్తుని బట్టే లెక్కేస్తుంది కాబట్టి దీన్ని మళ్లీ కదపకండి. పిల్లల ఇళ్లకి మీరు వెళ్లరు గనక ‘సర్వీస్ ఏరియా’ ఖాళీగా వదిలేశాను.

ఫొటోలు నాలుగు: వీధిలోంచి మేడ, మెట్లు, సుద్దముక్క పట్టుకున్న మీరు, ఖాళీ బెంచీలు. పిల్లల మొహాలు వద్దనుకున్నాను.

వెరిఫికేషన్‌కి వీడియో అడగొచ్చు: వీధి, బోర్డు, తాళం తీసి లోపలికి వెళ్లడం, అన్నీ ఆపకుండా తీయాలి. బోర్డు మీద కాగితంపూల తీగ పాకి ‘ట్యూ’ కనబడటం లేదు. ‘షన్ సెంటర్’ అని చదువుకుంటున్నారు. రేపు పొద్దున్న ఆ కొమ్మ కోయించండి.