ఉత్కటాసనం, వీరభద్రాసనాలలో కండరాలు చేసే పని: కొత్త బ్యాచ్ వారికి

ఉదయం ఆరు గంటల తరగతిలో కొత్తగా చేరిన వారందరికీ నమస్కారం. మొదటి వారం శ్వాసతోనూ, కీళ్లను వదులు చేసే కదలికలతోనూ సరిపెట్టాను. వచ్చే సోమవారం నుంచి ఉత్కటాసనం, వీరభద్రాసనం రెండవ రూపం మొదలుపెడదాం. ఈ రెండింటిలోనూ ఒక స్థితికి చేరడం కన్నా అక్కడ నిలకడగా ఉండడమే అసలు సాధన. ఆ నిలకడ కోసం శరీరం లోపల ఏ పని జరుగుతుందో ముందే తెలిస్తే కాళ్లు మండినప్పుడు కంగారు పడరు, ఆపవలసిన చోట ఆపుతారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మీలో చాలామందికి ఉత్కటాసనం పూర్తిగా కొత్తదేమీ కాదు. బడిలో ఎప్పుడో ఒకప్పుడు గోడకుర్చీ వేసినవారికి ఆ భంగిమ, ఆ మంట రెండూ తెలుసు. తేడా ఏమిటంటే, గోడకుర్చీలో వీపు వెనక్కి పడిపోకుండా గోడ ఆపుతుంది కాబట్టి పాదాలను ముందుకు జరిపి, నడుము నిటారుగా పెట్టి కూర్చోవచ్చు. ఉత్కటాసనంలో ఆ గోడ లేదు. తుంటిని వెనక్కి జరిపినంత మేరకు ఛాతీ ముందుకు వాలకపోతే శరీర భారం మడమల వెనక్కి పోయి పడిపోతాం. కనుక ఈ ఆసనంలో వీపు కొంత ముందుకు వాలడం తప్పు కాదు. ఫోటోలలో చూసినట్లు స్తంభంలా నిటారుగా ఉండాలని ప్రయత్నించి మోకాళ్లను బొటనవేళ్లు దాటించి బాగా ముందుకు తోసేవారిని చాలామందిని చూశాను. అలా చేస్తే భారం తుంటి మీద నుంచి తగ్గి మోకాలి మీదికి చేరుతుంది.

కండరం పనిచేసిందంటే అది పొట్టిదై ఎముకను కదిలించిందని మనం అనుకుంటాం. అది ఒక రకం మాత్రమే. మెట్లు ఎక్కేటప్పుడు తొడ ముందు భాగంలోని నాలుగు కండరాల సముదాయం, అంటే క్వాడ్రిసెప్స్, పొట్టిదవుతూ మోకాలిని చాపుతుంది. మెట్లు దిగేటప్పుడు అదే కండరం బిగువు వదలకుండానే సాగుతూ, శరీరం ఒక్కసారిగా కుంగిపోకుండా పట్టి ఉంచుతుంది. మూడవ రకంలో బిగువు ఉంటుంది కాని కీలు కదలదు, కండరం పొడవు దాదాపు మారదు. దీనినే సమదైర్ఘ్య సంకోచం అంటారు, వ్యాయామం నేర్పేవారు ఐసోమెట్రిక్ అంటారు. ఉత్కటాసనంలోకి దిగడం రెండవ రకం, అక్కడ నిలవడం మూడవ రకం, తిరిగి లేవడం మొదటి రకం.

కదలిక లేనప్పుడు పని ఎక్కడ జరుగుతోందన్న ప్రశ్న న్యాయమైనదే. భౌతికశాస్త్రం లెక్కలో బరువు ఎక్కడికీ జరగలేదు కాబట్టి పని శూన్యం. కండరం లెక్క వేరు. ప్రతి కండర తంతువు లోపల మయోసిన్, యాక్టిన్ అనే రెండు రకాల సన్నని పోగులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మయోసిన్ పోగుల తలలు యాక్టిన్‌ను పట్టుకుని లాగి, వదిలి, మళ్లీ పట్టుకుంటాయి. ఇలా పట్టి వదిలే ప్రతిసారీ ఏటీపీ అనే శక్తి అణువు ఒకటి ఖర్చవుతుంది. మీరు కదలకుండా నిలబడిన ఆ అర నిమిషంలో ఈ పట్టివేత ఆగదు, ఒళ్లు వేడెక్కడానికి కారణం కూడా అదే. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ కొద్ది సెకన్లకే సరిపోతుంది, ఆ తరువాత దాన్ని ఎప్పటికప్పుడు తయారుచేసుకోవలసిందే.

మరొక ఇబ్బంది రక్తప్రసరణ. బిగుసుకున్న కండరం తనలోని సన్నని రక్తనాళాలను తానే నొక్కుతుంది. నడకలో కండరం బిగుస్తూ వదులవుతూ ఉంటుంది గనుక ప్రతి అడుగుకూ రక్తం లోపలికి వస్తూ పోతూ ఉంటుంది, ఆసనంలో ఆ విరామం లేదు. తన గరిష్ఠ బలంలో కొద్ది భాగమే వాడుతున్న కండరం చాలాసేపు నిలవగలదు. సగానికి దగ్గరపడితే రక్తప్రసరణ బాగా తగ్గి, ఆక్సిజన్ అంతగా అవసరం లేని దారిలో శక్తి తయారవుతుంది, ఆమ్లత పెరుగుతుంది, తొడ మండుతుంది. లేచి నిలబడి కాళ్లు విదిలిస్తే ఒకటి రెండు నిమిషాలలో ఆ మంట తగ్గుతుంది. మర్నాడు మెట్లు దిగేటప్పుడు వచ్చే నొప్పికి మాత్రం లాక్టిక్ ఆమ్లం పేరు పెట్టడం సరికాదు. ఆ ఆమ్లం గంట, రెండు గంటల్లోనే తొలగిపోతుంది. మర్నాటి నొప్పి ఎక్కువగా కండరం బరువు మోస్తూ సాగినప్పుడు, అంటే కిందికి దిగే దశలో, తంతువులలో కలిగే అతి సూక్ష్మమైన దెబ్బల వల్ల వస్తుంది. అందుకే కొత్తవారిచేత పదేపదే దింపించి లేపించను.

వణుకు గురించి ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ అడుగుతారు. మొదటి పదిహేను, ఇరవై సెకన్లు నిశ్చలంగా ఉన్న తొడ ఆ తరువాత మోకాలి చిప్ప పైభాగం నుంచి సన్నగా అదరడం మొదలుపెడుతుంది. వెన్నుపాములోని ఒక్కొక్క చాలక నాడీకణం కొన్ని కండర తంతువులను తన అధీనంలో ఉంచుకుంటుంది, తొడ వంటి పెద్ద కండరాలలో ఆ సంఖ్య వందలలో ఉంటుంది. తక్కువ బలం కావలసినప్పుడు ముందుగా చిన్న గుంపులు పనిలోకి వస్తాయి, అవి త్వరగా అలసిపోవు. బలం చాలకపోతే పెద్ద గుంపులు చేరతాయి, అవి త్వరగా అలసిపోతాయి. గుంపులన్నీ ఒకేసారి కాకుండా వంతులవారీగా ఆదేశాలు అందుకోవడం వల్లనే బయటికి బిగువు సమంగా కనిపిస్తుంది. అలసట పెరిగేకొద్దీ పెద్ద గుంపులు ఎక్కువగా రంగంలోకి దిగి ఆ సమత్వం చెదురుతుంది. దీనికి తోడు కండరంలోనే కదురు ఆకారంలో ఉండే గ్రాహకాలు పొడవులో వచ్చే చిన్న మార్పును కూడా పసిగట్టి వెన్నుపాముకు తెలియజేస్తాయి, అక్కడి నుంచి వెంటనే సవరణ వస్తుంది. నిశ్చలంగా ఉన్నట్లు కనిపించే భంగిమ నిజానికి ఎడతెగని ఈ చిన్న సవరణల ఫలితం. అలసినప్పుడు సవరణలు పెద్దవై కంటికి కనిపిస్తాయి, మనం దాన్ని వణుకు అంటాం. వణికినంత మాత్రాన ప్రమాదం లేదు. వణుకుతో పాటు మోకాలు పక్కకు ఊగుతుంటేనో, శ్వాస బిగబట్టవలసి వస్తుంటేనో మాత్రం ఆగాలి.

ఎంత లోతుకు దిగాలన్నది మీ చేతిలోని పగ్గం. మోకాలు వంగేకొద్దీ భారం గీసే నిలువు గీతకూ, మోకాలికీ మధ్య దూరం పెరుగుతుంది, ఆ దూరంతో పాటే తొడ కండరం మోయవలసిన బలమూ పెరుగుతుంది. రెండంగుళాలు పైకి లేస్తే ఎంత తేలికవుతుందో మీరే చూస్తారు. మడమలు లేచిపోతే సాధారణంగా అది తొడ బలహీనత కాదు, పిక్క బిగువు. నేల మీద గొంతుకూర్చుని పనిచేసే అలవాటు ఉన్నవారికి ఈ ఇబ్బంది తక్కువ. కుర్చీ జీవితం గడిపేవారు కొన్ని వారాలు పైపైనే దిగి, మడమలను నేలకు ఆనించి ఉంచడమే మంచిది. ఐసోమెట్రిక్ సాధనతో వచ్చే బలం ప్రధానంగా సాధన చేసిన కోణంలోనూ, దానికి కాస్త అటూ ఇటూ వస్తుంది. కనుక మూడు వేర్వేరు లోతుల్లో తక్కువసేపు నిలబెట్టిస్తాను.

వీరభద్రాసనంలో రెండు కాళ్లూ ఒకే పని చేయవు. ముందు కాలి మోకాలు వంగి చీలమండ మీద నిలుస్తుంది, ఆ తొడ పని ఉత్కటాసనంలో చేసినదే. ఆ మోకాలు లోపలికి వాలకుండా కాపాడేది మాత్రం పిరుదుల పక్కన ఉండే కండరాలు. తొడను బయటికి తిప్పి, మోకాలిని అదే పాదం రెండవ వేలి వైపుకు నిలిపే బాధ్యత వాటిదే. అవి అలసినప్పుడు మోకాలు మెల్లగా బొటనవేలి వైపు జారడం ఎదుటివారికి స్పష్టంగా కనిపిస్తుంది, చేస్తున్నవారికి తెలియదు. అందుకే జంటలుగా నిలబెట్టి ఒకరి మోకాలిని మరొకరిచేత చూపిస్తాను. వెనుక కాలు చాపి ఉంటుంది, పాదం వెలుపలి అంచు నేలకు అదిమి ఉండాలి. పాదాలు రెండూ ఒకదానికొకటి దూరంగా జారాలని చూస్తాయి. మ్యాట్ పట్టు కొంతవరకు ఆపుతుంది, మిగతాది తొడల లోపలి కండరాలు ఆపుతాయి. పాదాలను మ్యాట్ మధ్యకు లాగుతున్నట్లు భావించండి, పాదాలు కదలవు కాని తొడల లోపలి వైపు బిగువు వెంటనే తెలుస్తుంది.

చాచిన చేతుల విషయం తేలికగా తీసుకోవద్దు. ఒక్కో చేయి బరువు శరీర బరువులో దాదాపు ఇరవయ్యో వంతు, అంటే 60 కిలోల మనిషికి సుమారు 3 కిలోలు. ఆ బరువు భుజం నుంచి చాలా దూరంగా వేలాడుతుంటే, దాన్ని మోసే డెల్టాయిడ్ కండరం భుజం కీలుకు కొద్ది సెంటీమీటర్ల దూరంలో మాత్రమే లాగుతుంది. అందువల్ల ఆ కండరం చేతి బరువుకు దాదాపు పదిరెట్ల బలం పెట్టవలసి వస్తుంది. చాలామంది అలసట రాగానే మెడ పక్క కండరాలతో భుజాలను చెవుల దాకా ఎత్తేస్తారు. అప్పుడు చేతులు నడుము మీద పెట్టుకుని కాళ్ల పని కొనసాగించడంలో చిన్నతనం ఏమీ లేదు.

కండరాన్ని ఎక్కువసేపు బిగించి ఉంచితే రక్తపోటు పెరుగుతుంది, ఊపిరి బిగబడితే ఇంకా పెరుగుతుంది. పతంజలి యోగసూత్రాలలో ఆసనానికి చెప్పిన లక్షణం స్థిరత్వమూ సుఖమూ రెండూ. ఊపిరి బిగబట్టి సాధించిన స్థిరత్వంలో రెండవది లేదు. నేను సెకన్లు పైకి లెక్కపెట్టను, ఎవరు ఎక్కువసేపు నిలిచారన్న పోటీ ఈ హాలులో వద్దు. మీ శ్వాసనే కొలతగా పెట్టుకుని మూడు శ్వాసలతో మొదలుపెట్టండి. మాటిమాటికీ ముక్కుతో తీసుకున్న గాలి నోటి దగ్గర ఆగుతోందంటే అప్పుడే రెండంగుళాలు పైకి లేవండి.

రక్తపోటుకు మందులు వాడేవారు, గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు, మోకాలికి శస్త్రచికిత్స జరిగినవారు తరగతి మొదలయ్యే ముందే నాతో విడిగా చెప్పండి, మీ వైద్యుల సలహా కూడా తీసుకుని రండి. మోకాలి లోపల పొడిచినట్లు నొప్పి వస్తే అది కండరాల మంట కాదు, వెంటనే బయటికి రావాలి. హాలులో నేల మార్బుల్ కాబట్టి జంపఖానా జారుతుంది. సోమవారం రబ్బరు అడుగున్న మ్యాట్ తెచ్చుకోండి, సాక్సులు విప్పేసి నిలబడండి.

మీ యోగా శిక్షకురాలు