కాటాల స్టాంపింగు ఫోన్లు: మాట్లాడే మాటలు, ఈ వారం లిస్టు

సార్, మీరు అడిగిన రెండూ ఈ కాగితాల్లో ఉన్నాయి. ఫోన్లో చెప్పే మాటలు కొంచెమే, చదివితే నిమిషం పట్టదు. లిస్టు శుభ్రం చేయడానికే మూడు రోజులు పట్టింది. సాయంత్రం పూట నా కుర్చీలో కూర్చుని ఫోన్లు చేసే తమ్ముడికి కూడా ఇదే కాగితం.

ఒక్క మాట ముందే చెప్తాను. ఈ ఫోను కాటా అమ్మడానికి కాదు. వాళ్ల కాటాకి స్టాంపింగు గడువు ఎప్పుడో కనుక్కుని, మన మెకానిక్ వెళ్లడానికి ఒక రోజూ ఒక టైమూ తీసుకోవడానికి. కొత్త కాటా సంగతి మెకానిక్ అక్కడికెళ్లి చూశాక వస్తే రావాలి. మొదటి రెండు రోజులూ నేను ఆఫర్‌తో మొదలుపెట్టాను, పూర్తిగా విన్నవాళ్లు లేరు. పాత రిపేరు గుర్తుచేసి మొదలుపెట్టినప్పుడు మాత్రం "ఆ, చెప్పమ్మా" అన్నారు.

మొదలు

"నమస్కారమండీ. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కాటాల షాపు నుంచి శిరీషని మాట్లాడుతున్నాను. పోయినేడు మీ ప్లాట్‌ఫాం కాటాకి లోడ్ సెల్ మార్చింది మన షాపువాళ్లే. ఒక్క నిమిషం మాట్లాడొచ్చాండీ?"

ఇక్కడ ఆగాలి. వాళ్లు ఔననేదాకా రెండో వాక్యం ఎత్తకూడదు. వెనక మిల్లు మోత వినిపిస్తే "మళ్లీ ఎప్పుడు చేయమంటారండీ?" అని అడిగి, చెప్పిన టైము రాసుకుని పెట్టేయాలి. లోడ్ సెల్ బదులు ఏం రిపేరు చేశామో లిస్టులో ఆ వరుసలో ఉంటుంది, అదే చెప్పాలి. ఊహించి చెప్పొద్దు.

"మా రిజిస్టర్ ప్రకారం ఈ మార్చితో మీ కాటా స్టాంపింగుకి ఏడాది నిండుతోందండీ. ఈలోపు మళ్లీ ఎక్కడన్నా వేయించారా?"

వేయించామంటే సంతోషమని చెప్పి, ఏ నెలలో వేయించారో అడిగి రాసుకుంటే చాలు, ఆ ఫోను పని అయిపోయినట్టే. గుర్తు లేదంటే:

"కాటా ప్లేటు మీద సీసం ముద్ర ఉంటుంది చూడండి. అందులో సంవత్సరం పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం కొట్టి ఉంటుంది. ఆ అక్షరం ఏముందో చూసి చెప్తారా?"

ఈ వాక్యాన్ని రెండుసార్లు మార్చాను. ముందు "ఏ అక్షరం ఉందండీ?" అని అడిగేదాన్ని. అవతలివాళ్లు "ఆ, ఏ అక్షరమే" అనేవాళ్లు. అడుగుతున్నారో చెబుతున్నారో తెలిసేది కాదు. అందుకే "అక్షరం ఏముంది" అనే అడగాలి. ఏ అంటే జనవరి నుంచి మార్చి లోపు వేసిన ముద్ర. బి అంటే జూన్ దాకా, సి అంటే సెప్టెంబర్ దాకా, డి అంటే డిసెంబర్ దాకా. ఎలక్ట్రానిక్ కాటాకి ముద్ర పన్నెండు నెలలే చెల్లుతుంది కాబట్టి, పోయినేడు ఏ పడ్డ కాటాలన్నీ ఇప్పుడు గడువు మీద ఉన్నాయి.

"అయితే గడువు దగ్గరకొచ్చిందండీ. మా మెకానిక్ వచ్చి రాళ్లు పెట్టి తూకం సరిచూస్తారు, కాగితాలు సిద్ధం చేస్తారు. ముద్ర వేసేది మాత్రం తూనికలు కొలతల శాఖ వాళ్లే. గురువారం ఉదయం వీలవుతుందా, శుక్రవారం మధ్యాహ్నమా?"

రోజు చెప్పాక తిరిగి చదివి వినిపించాలి: "గురువారం, పదకొండు గంటలకి, కాశీబుగ్గ గోడౌన్ దగ్గర. వచ్చేముందు మెకానిక్ గారే మీకు ఫోన్ చేస్తారండీ. ఉంటానండీ."

ఎదురు మాటలు

"నా నంబరు మీకెక్కడిదమ్మా?" అంటే నిజమే చెప్పాలి. "మీ కాటా రిపేరుకొచ్చినప్పుడు రిజిస్టర్‌లో రాసుకున్నామండీ. వద్దంటే తీసేస్తాం." వద్దంటే ఆ క్షణమే తీసేయాలి, లిస్టులో ఎర్ర రంగు వేయాలి. మళ్లీ ఆ నంబరుకి ఎవరూ చేయకూడదు.

"ఎంతవుతుంది?" అంటే: "గవర్నమెంటు ఫీజు కాటా కెపాసిటీని బట్టి ఉంటుందండీ, దాని రసీదు మీ పేరు మీదే వస్తుంది. మెకానిక్ వచ్చి చూసినందుకు మాకు 300 రూపాయలు. ఏదన్నా పాడైతే అది మీకు చూపించి, రేటు చెప్పి, మీరు సరేనన్నాకే మారుస్తారు." అన్నీ కలిపి ఒక మొత్తం చెప్పమని పట్టుబడితే చెప్పొద్దు. కాటా చూడకుండా చెప్పిన రేటు అక్కడికెళ్లాక గొడవవుతుంది.

"సీజను మీద ఉన్నాం, బేగి చెప్పు" అన్నారు కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీ ఆయన. అప్పుడు నేను చెప్పిన జవాబు పనికొచ్చింది, అలాగే ఉంచాను: "ఏప్రిల్‌కి పిక్కలు దిగడం మొదలవుతుంది కదండీ. అప్పుడు కాటా ఆపలేరు. ఇప్పుడైతే అరపూటలో అయిపోతుంది." దానికి ఆయన 80 కిలోల బస్తా లెక్క తీశారు. బస్తాకి 200 గ్రాములు తేడా వస్తే వంద బస్తాలకి 20 కిలోల పిక్కలు. ఆ లెక్క వాళ్లంతట వాళ్లు వేసుకుంటేనే బాగుంటుంది, మనం ముందు ఎత్తితే బెదిరించినట్టు ఉంటుంది.

"మాకు వేరే మెకానిక్ ఉన్నాడు" అంటే వాదన వద్దు. "మంచిదండీ, గడువు లోపు ఆయన చేతే చేయించేయండి" అని ఫోన్ పెట్టేయాలి. లిస్టులో ఆ మాట రాసి, వచ్చే ఏడాది జనవరికి తోయాలి.

"తనిఖీ వస్తోందా ఏటి?" అని కొందరు గాభరాగా అడుగుతారు. "మాకు తెలీదండీ, మేము షాపువాళ్లం" అనాలి. సార్, పాత స్క్రిప్టులో "ఫైన్ పడుతుంది, కాటా సీజ్ చేస్తారు" అన్న వాక్యం ఉంది. దాన్ని నేను తీసేశాను. ముద్ర లేని కాటాతో వ్యాపారం చేయడం 2009 తూనికల చట్టం ప్రకారం తప్పే. కానీ చిన్న కిరాణా కొట్టు ఆయన్ని భయపెట్టి తీసుకున్న టైము నిలబడదు. పైగా మనం తూనికల ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామనుకునే ప్రమాదం ఉంది. మీకు వేరే అభిప్రాయం ఉంటే చెప్పండి, కానీ ఆ వాక్యం నా నోటితో చెప్పలేను.

లిస్టు ఎలా తేల్చానంటే

రిజిస్టర్, కౌంటరు డబ్బాలోని విజిటింగ్ కార్డులు కలిపి ఎక్కిస్తే 146 వరుసలయ్యాయి. ఒకే నంబరు ఒకచోట సున్నాతో, ఒకచోట +91తో, ఇంకోచోట మధ్యలో ఖాళీతో ఉంది. ముందు చివరి పది అంకెలే మిగిలేలా చేసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను:

```
=RIGHT(SUBSTITUTE(SUBSTITUTE(B2," ",""),"-",""),10)
=COUNTIF(C:C,C2)
```

38 వరుసలు రెండోసారి రాసినవే. వాటిలో ఎక్కువ పలాసవి. ఒకే ఫ్యాక్టరీని ఒకరు పలాస అనీ ఇంకొకరు కాశీబుగ్గ అనీ రాశారు. మొన్న నేను ఒకే ఆయనకి గంట తేడాలో రెండుసార్లు ఫోన్ చేశానంటే కారణం ఇదే. ఆయన ఏమీ అనలేదు గాని నాకే చాలా ఇబ్బందనిపించింది.

మిగిలిన 108లో 11 నంబర్లు పనిచేయట్లేదు, 5గురు వద్దన్నారు. 29 కార్డులవాళ్లు మన దగ్గర ఎప్పుడూ ఏమీ చేయించుకోలేదు. వాళ్లకి ఫోన్ చేయొద్దని నా మనవి. టెలిమార్కెటింగుకి రిజిస్టర్ కాకుండా మామూలు పదంకెల నంబరు నుంచి ఇలా అమ్మకం ఫోన్లు చేస్తే, ఎవరన్నా 1909కి ఫిర్యాదు చేశారంటే లైనుకే ఇబ్బంది. అది షాపు నంబరు. ఆ ఊళ్లకి వెళ్లినప్పుడు మెకానిక్ గారు ఎదురుగా కలిస్తే సరిపోతుంది. ఇక ఫోన్ చేయాల్సినవి 63. వాటిలో ఏ ముద్రవి 21.

జిల్లాలు కూడా సరిచేశాను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. మన రిజిస్టర్‌లో రెండూ ఇంకా శ్రీకాకుళమే. స్టాంపింగు కాగితం మీద జిల్లా తప్పు పడితే మళ్లీ తిరగాల్సింది మనమే.

ఫోన్ నంబర్లు, పేర్లు ఈ కాగితం మీద రాయలేదు, ఇది చేతులు మారుతుంది కాబట్టి. రిజిస్టర్ పేజీ చూసి తీసుకోవాలి.

| పేజీ | ఎవరు, ఎక్కడ | కాటా, పాత రిపేరు | గడువు | ఫోన్ టైము | ఇప్పటిదాకా, తర్వాతి పని |
|---|---|---|---|---|---|
| 17 | జీడి ఫ్యాక్టరీ, కాశీబుగ్గ | ప్లాట్‌ఫాం 300 కిలోలు, లోడ్ సెల్ | మార్చి | ఉదయం 11 | గురువారం 11కి రమ్మన్నారు |
| 22 | జీడిపప్పు ప్యాకింగు, పలాస (మేడమ్ గారు) | టేబుల్ 30 కిలోలు, బ్యాటరీ | ఫిబ్రవరి | మధ్యాహ్నం 3 | 10 కిలోల టిన్నులు తూచేది ఇదే, ఒక్కటే ఉంది. గంటలో ఇవ్వగలమా అని అడిగారు |
| 31 | ఉప్పు కొట్టు, నౌపడ | ప్లాట్‌ఫాం 100 కిలోలు, తుప్పు | మార్చి | ఉదయం 10 | ఫోన్ ఎత్తలేదు, బుధవారం మళ్లీ |
| 35 | ఇనుప సామాన్లు, టెక్కలి | ప్లాట్‌ఫాం 300 కిలోలు, డిస్‌ప్లే | మార్చి | మధ్యాహ్నం 2 | ఇంకా చేయలేదు |
| 40 | కిరాణా హోల్‌సేల్, నరసన్నపేట | టేబుల్ 30 కిలోలు, అడాప్టర్ | ఫిబ్రవరి | మధ్యాహ్నం 3 | కొడుకుతో మాట్లాడమన్నారు, ఆయన సాయంత్రం 6 తర్వాత |
| 44 | రైస్ మిల్లు, ఆమదాలవలస | ప్లాట్‌ఫాం 300 కిలోలు, కేబుల్ | మార్చి | ఉదయం 9.30 | ముద్ర అక్షరం చూసి చెప్తానన్నారు |
| 52 | గోగునార కొనే కొట్టు, రాజాం | ప్లాట్‌ఫాం 300 కిలోలు, లోడ్ సెల్ | మార్చి | మధ్యాహ్నం 12 | ఇంకా చేయలేదు |
| 58 | కూరగాయల హోల్‌సేల్, చీపురుపల్లి | ప్లాట్‌ఫాం 100 కిలోలు, బటన్లు | మార్చి | ఉదయం 11.30 | తెల్లవారే పని, 11 లోపు చేయొద్దు |

చివరి గడిలో "ఆసక్తి ఉంది", "తర్వాత చూద్దాం" అని రాయొద్దు తమ్ముడూ. వాళ్లు అన్న మాట రాయి, మనం ఏ రోజు ఏం చేయాలో రాయి. పేజీ 22 మేడమ్ గారు "గంటలో ఇవ్వగలరా" అన్నది రాసిపెట్టడం వల్లే, ఆ రోజుకి స్పేర్ కాటా ఒకటి పట్టుకెళ్తే ఆవిడ ప్యాకింగు ఆగదని మెకానిక్ గారు అన్నారు.

సార్, గురువారం మెకానిక్ గారు కాశీబుగ్గ వెళ్తున్నారు కాబట్టి నరసన్నపేట, టెక్కలి, నౌపడ, పలాస అదే దారిలో ముగించొచ్చు. 20 కిలోల రాళ్లు, స్పేర్ కాటా ఉంటాయి కాబట్టి బైకు మీద కుదరదు. ఆటో ట్రాలీ మాట్లాడమంటారా, షాపు వ్యాను ఇస్తారా? మంగళవారం సాయంత్రంలోగా చెప్తే బుధవారం ఉదయం ఆ నాలుగు ఊళ్లవాళ్లకీ టైములు ఖాయం చేసేస్తాను.