143వ పోలింగ్ కేంద్రం: సామగ్రి సరిచూసుకునే పట్టిక (తీసుకునేటప్పుడు, తిరిగి అప్పగించేటప్పుడు)

శాసనసభ ఎన్నిక. కేంద్రం: మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, తూర్పు గది. ఓటర్లు 1,042 మంది: పురుషులు 508, మహిళలు 534. పోటీలో 11 మంది అభ్యర్థులు. నోటాతో కలిపి 12 మీటలు, కాబట్టి ఒకే బ్యాలెట్ యూనిట్. పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు.

ఈ పట్టిక పీఓ చేతిలోనే ఉండాలి. ఏపీఓ ఒక్కో వస్తువు పేరు చదువుతుంటే ఓపీఓలు దాన్ని బల్ల మీద పెట్టాలి. సంచిలో చెయ్యి పెట్టి తడిమి "ఉంది" అంటే లెక్కలోకి రాదు. బస్సు కదిలాక లోటు కనిపిస్తే సెక్టార్ అధికారి కోసం ఎదురుచూడక తప్పదు.

1. యంత్రాలు

☐ కంట్రోల్ యూనిట్ 1, బ్యాలెట్ యూనిట్ 1, వీవీప్యాట్ 1, వాటి పెట్టెలు
☐ మూడింటి నంబర్లూ అడ్రస్ ట్యాగ్ మీద, మీకు ఇచ్చిన ఉత్తర్వులో ఒకటేనా
☐ బ్యాలెట్ యూనిట్‌పై అతికించిన బ్యాలెట్ పత్రం మన నియోజకవర్గానిదేనా, పేర్ల వరుస ఫారం 7ఎతో సరిపోయిందా
☐ వీవీప్యాట్ వెనుక నాబ్ అడ్డంగా ఉందా (ప్రయాణంలో అడ్డంగా, పనిచేసేటప్పుడు నిలువుగా)

పంపిణీ కేంద్రంలో యంత్రాలను కలిపి చూడవద్దు. అందరికీ ఆత్రుత ఉంటుంది గానీ ఆ పని రేపు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్‌లోనే చేయాలి.

2. జాబితాలు, ఫారాలు

☐ ఓటర్ల జాబితా మార్క్‌డ్ కాపీ 1, వర్కింగ్ కాపీలు 3. అన్ని పేజీలూ ఉన్నాయా, అనుబంధ జాబితా జతచేశారా, తొలగించిన పేర్లు కొట్టేశారా. దీనికి ఎంత సమయం పట్టినా ఫర్వాలేదు
☐ గైర్హాజరు, వలస, మృతుల (ఏఎస్‌డీ) జాబితా
☐ ఫారం 17ఎ ఓటర్ల రిజిస్టరు 1
☐ ఓటర్ స్లిప్పులు 1,100
☐ ఫారం 17సి, ఏజెంట్లకు ఇచ్చేందుకు చాలినన్ని ప్రతులు
☐ టెండర్డ్ బ్యాలెట్ పత్రాలు 20, వాటి జాబితా ఫారం 17బి
☐ ఫారం 14 (ఛాలెంజ్ ఓట్లు), రశీదు పుస్తకం. ఛాలెంజ్ రుసుము 2 రూపాయలు. చిల్లర దగ్గర పెట్టుకోండి
☐ ఫారం 14ఎ (అంధ, అశక్త ఓటర్లు), సహాయకుల డిక్లరేషన్లు
☐ పీఓ డైరీ, విజిట్ షీట్, పీఓ డిక్లరేషన్లు, మాక్ పోల్ సర్టిఫికెట్
☐ అభ్యర్థులు, వారి ఎన్నికల ఏజెంట్ల నమూనా సంతకాలు. ఉదయం ఫారం 10తో వచ్చే ఏజెంటును వీటితో పోల్చి చూశాకే కూర్చోబెట్టాలి
☐ బ్రెయిలీ నమూనా బ్యాలెట్

3. సీళ్లు

☐ ఆకుపచ్చ పేపర్ సీళ్లు 3 (నంబర్లు 048816 నుంచి 048818)
☐ గులాబీ పేపర్ సీళ్లు 2
☐ స్పెషల్ ట్యాగులు 3, అడ్రస్ ట్యాగులు 10
☐ పీఓ లోహ ముద్ర 1
☐ మాక్ పోల్ స్లిప్పుల నల్ల కవరు, ప్లాస్టిక్ డబ్బా

ఆకుపచ్చ సీలుకు ఒక్కో నంబరుకూ లెక్క చెప్పాలి. ఎన్ని వచ్చాయి, ఎన్ని వాడాం, ఎన్ని పాడయ్యాయి, ఎన్ని తిరిగిచ్చాం అన్నది 17సిలో రాస్తాం. చిరిగిన ముక్కను చెత్తబుట్టలో వేస్తే ఆ లెక్క తేలదు. పాడైనది కూడా భద్రంగా కవరులోకే వెళ్లాలి. సీలుపై ముందు మీరు సంతకం చేసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుని, నంబరు రాసుకోనిచ్చి, ఆ తర్వాతే అమర్చండి.

4. స్టేషనరీ, ఇతర వస్తువులు

☐ చెరగని సిరా సీసాలు 2, సిరా సీసా నిలబెట్టే డబ్బా 1 (సీసా ఒరగకుండా అందులో ఇసుక పోయండి), గుడ్డ ముక్కలు
☐ ఏరో క్రాస్ మార్క్ రబ్బరు స్టాంపు 1, ఊదా స్టాంప్ ప్యాడ్ 1
☐ పోలింగ్ కేంద్రం గుర్తింపు రబ్బరు స్టాంపు 1
☐ లక్క కడ్డీలు 6, కొవ్వొత్తులు 4, అగ్గిపెట్టె, పురికొస, బ్లేడు, జిగురు, సెల్లో టేపు
☐ నీలం పెన్నులు 3, ఎర్ర పెన్ను 1, పెన్సిలు, స్కేలు, కార్బన్ కాగితాలు, తెల్ల కాగితాలు, గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు
☐ ఓటింగ్ కంపార్ట్‌మెంట్ 1

ఏరో క్రాస్ స్టాంపు టెండర్డ్ ఓటుకు మాత్రమే. తన పేరుతో అప్పటికే ఎవరో ఓటు వేసి వెళ్లారని చెప్పే వ్యక్తి గుర్తింపు విషయంలో మీకు తృప్తి కలిగితే, కాగితం బ్యాలెట్‌తో ఈ స్టాంపు ఇస్తారు. అలాంటి ఓటరును యంత్రం దగ్గరికి పంపకూడదు. రోజంతా అవసరం పడకపోవచ్చు, అయినా అడుగున పడేయకండి.

5. మాక్ పోల్ తర్వాత, 7 గంటలకు ముందు

మాక్ పోల్ పోలింగ్‌కు 90 నిమిషాల ముందు, అంటే 5.30కి. కనీసం 50 ఓట్లు, నోటా సహా ప్రతి మీటకూ పడాలి.

☐ క్లోజ్, రిజల్ట్, క్లియర్ మీటలు ఆ వరుసలోనే నొక్కారా
☐ వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించి, ఫలితంతో పోల్చి, డబ్బా ఖాళీ అని ఏజెంట్లకు చూపారా
☐ స్లిప్పుల వెనుక మాక్ పోల్ ముద్ర వేసి, నల్ల కవరులో సీలు చేసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గులాబీ సీలు వేశారా
☐ కంట్రోల్ యూనిట్‌లో మొత్తం సున్నా చూపిందా

క్లియర్ నొక్కడం మరిచి అసలు పోలింగ్ మొదలుపెడితే కౌంటింగ్ రోజున ఆ యాభై ఓట్ల పంచాయతీ మొత్తం మీ డైరీ మీదకే వస్తుంది. ఆ మీట నొక్కిన సమయాన్ని డైరీలో రాయండి.

6. పోలింగ్ ముగిశాక

6 గంటలకు వరుసలో ఉన్నవారికి సంతకం చేసిన చీటీలు చివరి వ్యక్తి నుంచి మొదలుపెట్టి ఇవ్వండి. చివరి ఓటు పడ్డాక:

☐ క్లోజ్ మీట నొక్కి, మొత్తం ఓట్లు రాసుకున్నారా
☐ 17ఎలో చివరి క్రమసంఖ్య నుంచి, ఓటు వేయనన్నవారిని, ఓటు వేయనివ్వనివారిని తీసేస్తే ఆ మొత్తం వచ్చిందా. తేడా ఉంటే అంకె దిద్దకండి, ఉన్నది ఉన్నట్టు రాసి సెక్టార్ అధికారికి చెప్పండి
☐ 17సి ప్రతులు ఏజెంట్లకు ఇచ్చి రశీదు తీసుకున్నారా
☐ కంట్రోల్ యూనిట్ స్విచ్ ఆపి, కేబుళ్లు విప్పి, వీవీప్యాట్ బ్యాటరీ తీశారా, నాబ్ అడ్డంగా తిప్పారా
☐ మూడు పెట్టెలకూ అడ్రస్ ట్యాగ్, లక్క సీలు

లక్క కరిగించేటప్పుడు ఫ్యాను ఆపండి. కాగితాలున్న బల్లకు దూరంగా కూర్చోండి.

7. తిరిగి అప్పగించడం

ఒకే సంచిలో వచ్చిన సామగ్రి వేర్వేరు కవర్లలో తిరిగి వెళ్తుంది. రిసెప్షన్ కేంద్రంలో అర్ధరాత్రి దాకా నిలబడేది ఎక్కువగా 17సిని వేరే కవరులో పెట్టి సీలు చేసినవారే. ఏ కవరులో ఏముండాలో దాని మీదే అచ్చువేసి ఉంటుంది. చదివి సర్దండి.

చేతిలో, సంచికి బయట:
☐ యంత్రాలు మూడూ, తీసిన బ్యాటరీ
☐ 17సి అసలు, మాక్ పోల్ సర్టిఫికెట్, మాక్ పోల్ స్లిప్పుల డబ్బా
☐ స్క్రూటినీ కవరు: పీఓ డైరీ, 17ఎ, విజిట్ షీట్

ఆకుపచ్చ ప్యాకెట్: మార్క్‌డ్ కాపీ, వాడిన ఓటర్ స్లిప్పులు, వాడిన టెండర్డ్ పత్రాలు 17బితో, వాడనివి వేరుగా. టెండర్డ్ ఓటు ఒక్కటీ పడకపోయినా కవరు ఇవ్వాలి, పైన "లేవు" అని రాయాలి.

పసుపు ప్యాకెట్: మిగతా జాబితా ప్రతులు, ఏజెంట్ల ఫారం 10లు, పీఓ డిక్లరేషన్లు, ఛాలెంజ్ రశీదు పుస్తకం, వసూలైన డబ్బు, వాడని ఓటర్ స్లిప్పులు, మిగిలిన, పాడైన సీళ్లు, ట్యాగులు.

గోధుమ రంగు ప్యాకెట్: పీఓ చేతిపుస్తకం, సిరా సీసాలు (మూత బిగించి, కారకుండా మైనం పెట్టి), స్టాంప్ ప్యాడ్, లోహ ముద్ర, ఏరో క్రాస్ స్టాంపు, సిరా డబ్బా.

నీలం ప్యాకెట్: మిగిలిన ప్రతి వస్తువూ. కంపార్ట్‌మెంట్‌ను మడిచి విడిగా ఇవ్వండి.

బడి గదిలో అతికించిన పోస్టర్లు తీసేసి, బల్లలు యథాస్థానంలో పెట్టించి, తాళం బీఎల్ఓకు అప్పగించండి.

లోహ ముద్ర చాలాసార్లు జేబులోనే ఇంటికి వెళ్తుంది. దాన్ని అప్పగించాకే రశీదు అడగండి. రశీదుపై యంత్రాల నంబర్లు, సమయం, కౌంటర్ సిబ్బంది సంతకం ఉన్నాయని చూసుకున్న తర్వాతే ఓపీఓలను పంపించండి.