మిర్చి పొడి యూనిట్ ప్రాజెక్ట్ రిపోర్ట్: బ్యాంకుకు ఇచ్చే ముందు పరిశీలన నోట్

ప్రొప్రైటర్ మేడం గారికి,

గీసుగొండ మండలంలో మీరు పెట్టబోయే మిర్చి పొడి యూనిట్ కోసం తయారైన 22 పేజీల ప్రాజెక్ట్ రిపోర్టును, దానికి జతచేసిన కొటేషన్లు, షెడ్డు ప్లాను, సివిల్ ఎస్టిమేటుతో పక్కపక్కన పెట్టి చూశాను. ఇప్పుడున్న రూపంలో దీన్ని బ్రాంచికి ఇవ్వొద్దు. యూనిట్ ఆలోచనలో లోపమేమీ లేదు. ఏనుమాముల మార్కెట్ దగ్గర్లో ఉంది, సరుకుకు కొదవ లేదు. లోపమంతా లెక్కల్లోనే. ఒక పేజీలో రాసిన అంకె ఇంకో పేజీలో మారిపోతోంది. అలా మారిన ప్రతిసారీ లాభం పెరిగే వైపుకే మారింది. ఫీల్డ్ ఆఫీసర్ ముందుగా పట్టుకునేది దీన్నే.

అన్నిటికన్నా ముందు కెపాసిటీ సంగతి. 4వ పేజీలో గంటకు 100 కిలోలు, రోజుకు 8 గంటలు, 300 రోజులు వేసి ఏడాదికి 240 టన్నులని రాశారు. కొటేషన్‌లో ఉన్నది 20 హెచ్‌పీ పల్వరైజర్ ఒక్కటే. మిర్చికి దాని సామర్థ్యం గంటకు 60 కిలోలని సప్లయరే రాసిచ్చాడు. 8 గంటలూ అది ఆడదు. మిర్చి పట్టేటప్పుడు మెషిన్ వేడెక్కితే పొడి రంగు మారుతుంది, అందుకని మధ్యలో ఆపాలి. జాలీ మార్చాలి, సాయంత్రం దులిపి శుభ్రం చేయాలి. ఆరున్నర గంటలు వేసుకోవడం న్యాయం. 60 × 6.5 × 300 అంటే 117 టన్నులు. మొదటి ఏడాది 60 శాతం అంటే 70.2 టన్నులు. రిపోర్టులో ఉన్నది 144 టన్నులు. అమ్మకాలు, కొనుగోళ్లు, ప్యాకింగ్, వర్కింగ్ క్యాపిటల్ అన్నీ ఈ 144 మీదే నిలబడ్డాయి కాబట్టి మిగతా పట్టికలను సరిచేయడం కాదు, మళ్లీ కొత్తగా వేయాలి.

ముడిసరుకు లెక్కలో మూడు తప్పులు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. 7వ పేజీలో ఎండుమిర్చి కిలో ₹160, 11వ పేజీ వర్కింగ్ క్యాపిటల్ లెక్కలో అదే మిర్చి ₹140. రెండోది, కిలో మిర్చికి కిలో పొడి వస్తుందని వేశారు. తొడిమ, చెత్త, తేమ, గాలిలో పోయే దుమ్ము కలిపి పదో వంతు పోతుందని పెట్టుకోండి. అప్పుడు 70.2 టన్నుల పొడికి 78 టన్నుల మిర్చి కావాలి. ఈ శాతాన్ని నా మాట మీద తీసుకోవద్దు. మీరు కొనబోయే రకం మిర్చి 50 కిలోలు తూకం వేసి, దగ్గర్లోని మరలో మీ ఎదుటే పట్టించండి. తొడిమ తీసిన తర్వాత ఒకసారి, ఆరబెట్టిన తర్వాత ఒకసారి, జల్లెడ పట్టిన పొడిని చివరిగా ఒకసారి తూచండి. ఆ మూడు తూకాలూ తేదీతో రాసి రిపోర్టుకు జతచేయండి. అధికారి అడిగే సగం ప్రశ్నలకు ఆ ఒక్క కాగితమే జవాబు. మూడోది, మార్కెట్ ధరకే సరుకు షెడ్డుకు చేరుతుందన్నట్టు రాశారు. అడ్తి, దడువాయి, హమాలీ, రవాణా ఎక్కడా లేవు. కిలోకు ₹3 వేశాను. ఫిబ్రవరి నుంచి మే దాకా యార్డులో రాక జోరుగా ఉంటుంది. ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీ సరుకే కొనాలి, అద్దె ధరలో కలిసి వస్తుంది. ఏడాదంతా ఒకే ధర వేస్తే ఎవరూ నమ్మరు. సీజన్ ధర, సీజన్ తర్వాతి ధర రెండూ చూపించి సగటు తీయండి.

అమ్మకం ధర ₹231 అని వేశారు. అది 5 శాతం జీఎస్టీ కలిపిన ధర. పన్ను మీ ఆదాయం కాదు కాబట్టి లెక్కకు వచ్చేది ₹220 మాత్రమే. 144 టన్నుల మీద ఈ ఒక్క పొరపాటే ₹15.84 లక్షల లేని ఆదాయాన్ని చూపిస్తోంది.

ప్రాజెక్టు ఖర్చు ₹48 లక్షలు అన్నారు: భూమి 4, షెడ్డు 14, మెషినరీ 16.50, కరెంటు 1.50, ప్రారంభ ఖర్చులు 1, వర్కింగ్ క్యాపిటల్ 11. మీరు అప్పు తీసుకోబోయే సబ్సిడీ పథకం పీఎంఈజీపీలో భూమి ధరను ప్రాజెక్టు ఖర్చులో కలపరాదు. ఆ నాలుగు లక్షలు తీసేయండి. షెడ్డుకు మూడు అంకెలున్నాయి. 3వ పేజీలో ₹14 లక్షలు, సివిల్ ఎస్టిమేటులో 1,800 చదరపు అడుగులకు ₹850 చొప్పున ₹15.30 లక్షలు, ప్లానులో మాత్రం 40 × 40, అంటే 1,600 అడుగులే. బ్యాంకు ఇంజనీరు టేపు పెట్టి కొలిచేది ప్లాను ప్రకారమే కాబట్టి ₹13.60 లక్షలు వేసి ఎస్టిమేటును తిరగరాయించండి. మెషినరీ కొటేషన్ల మొత్తం ₹14.20 లక్షలు, వాటిమీద కొటేషన్‌లో చూపిన 18 శాతం జీఎస్టీ ₹2.56 లక్షలు, రవాణా, బిగింపు ₹60 వేలు. మొత్తం ₹17.36 లక్షలు చేతిలో ఉండాలి. రిపోర్టులోని 16.50 ఏ కొటేషన్‌కూ సరిపోలడం లేదు. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునేటట్టయితే తరుగుదలను ₹14.80 లక్షల మీదే వేయాలి, కానీ కొనేరోజు డబ్బు మాత్రం పూర్తిగా కట్టాలి.

కరెంటు కనెక్షన్ 20 హెచ్‌పీ అని రాశారు. మెషిన్ల జాబితాలో మోటార్లు కూడి చూడండి: పల్వరైజర్ 20, బ్లెండర్ 5, దుమ్ము లాగే బ్లోయర్ 5, క్లీనర్ 2, జల్లెడ 2, ప్యాకింగ్ 2. మొత్తం 36. టీజీఎన్‌పీడీసీఎల్ నుంచి 36 హెచ్‌పీకి ఎస్టిమేటు తెచ్చుకోండి. అది వచ్చేదాకా నా లెక్కలో ₹2.20 లక్షలు పెట్టాను. నెల బిల్లు ₹12,000 అని ఐదేళ్లూ మారకుండా వేశారు, ఉత్పత్తి మాత్రం ఏటా పెరుగుతోంది. మీ రిపోర్టులోని యూనిట్ ₹8 ధరనే తీసుకుని, 70 శాతం లోడు మీద చూస్తే 60 శాతం ఉత్పత్తికి నెలకు దాదాపు ₹14,700, 80 శాతానికి ₹19,500 వస్తుంది. ఫిక్స్‌డ్ చార్జీలు దీనికి అదనం.

సరిదిద్దిన ప్రాజెక్టు ఖర్చు: 13.60 + 17.36 + 2.20 + 1.00 + 11.00 = ₹45.16 లక్షలు. మహిళా అభ్యర్థిగా మీ వాటా 5 శాతం, ₹2.26 లక్షలు. బ్యాంకు ఇచ్చేది ₹42.90 లక్షలు. అందులో టర్మ్ లోన్ ₹32.45 లక్షలు, మిగిలింది వర్కింగ్ క్యాపిటల్ కోసం వాడుకునే సీసీ, అంటే క్యాష్ క్రెడిట్. గ్రామీణ ప్రాంతం కనుక సబ్సిడీ 35 శాతం, ₹15.81 లక్షలు.

ఇక అసలు ప్రమాదం సబ్సిడీ లెక్కలో ఉంది. రిపోర్టు దాన్ని రెండుసార్లు వాడుకుంది. మొదటి నెలలోనే అప్పులోంచి తీసేసింది, మళ్లీ మొదటి ఏడాది లాభనష్టాల పట్టికలో ‘ఇతర ఆదాయం’గా ₹16.80 లక్షలు కలిపింది. సబ్సిడీ మీ చేతికి రాదు. బ్యాంకులో మీ పేరున టర్మ్ డిపాజిట్‌గా మూడేళ్లు ఉంటుంది. దానికి వడ్డీ రాదు, అంతే మొత్తం అప్పుమీద వడ్డీ పడదు. మూడేళ్ల తర్వాత, యూనిట్ నడుస్తోందని తనిఖీ అయ్యాకే అప్పుకు జమ అవుతుంది. సబ్సిడీ వచ్చేలోపు మాత్రం మొత్తం ₹32.45 లక్షల మీద వడ్డీ నడుస్తుంది. 11 శాతం మీద నెలకు దాదాపు ₹29,750. ఆరు నెలల మారటోరియంలో సబ్సిడీ రాకపోతే ₹1.78 లక్షలు. మారటోరియం అంటే అసలు సొమ్ము కట్టక్కర్లేదనే గానీ, వడ్డీ ఆగదు. ఈ సొమ్ము రిపోర్టులో ఎక్కడా లేదు. మీ వాటాకు పైన దీన్ని కూడా దగ్గర పెట్టుకోవాలి.

వడ్డీ రేటు 9వ పేజీ రాతలో 11 శాతం, పట్టికలో 9 శాతం. గడువు ఒకచోట 7 ఏళ్లు, వాయిదాల పట్టికలో 60 నెలలు. 84 నెలల్లో ఆరు మారటోరియం పోతే వాయిదాలు 78. ఒకే రేటు, ఒకే గడువు పెట్టుకుని అన్నిచోట్లా అదే రాయండి.

జీతాల్లో కూడా ఇదే తంతు. ఉపాధి పేజీలో ఆరుగురు, జీతాల పట్టికలో నలుగురు. ఆరుగురికి నెలకు ₹11,000 చొప్పున ₹7.92 లక్షలు వేశాను. కొత్త మెషిన్లని రిపేర్లకు రెండేళ్లు సున్నా పెట్టారు. సుత్తులు, జాలీలు, బెల్టులు మొదటి ఏడాది నుంచే అరుగుతాయి.

అన్నీ కలిపి 60 శాతం ఉత్పత్తికి, లక్షల్లో:

అమ్మకాలు 154.44
మిర్చి 124.80
హమాలీ, రవాణా 2.34
ప్యాకింగ్ 2.81
కరెంటు 2.00
జీతాలు 7.92
రిపేర్లు 0.80
అమ్మకపు ఖర్చులు 3.00
ఇన్సూరెన్స్, ల్యాబ్ టెస్టులు, ఆఫీసు 1.20
మిగులు 9.57

ఇందులో సీసీ వడ్డీ 1.15, మీ ఇంటి ఖర్చుకు నెలకు ₹20,000 చొప్పున 2.40 తీసేస్తే వాయిదాలకు మిగిలేది ₹6.02 లక్షలు. రిపోర్టులో ఇంటి ఖర్చు అసలు లేదు. ఏడాదంతా ఇంట్లోకి రూపాయి తీసుకోకుండా వ్యాపారం చేసేవాళ్లు ఉండరు కాబట్టి నేను తీసేశాను.

వాయిదాలను టర్మ్ లోన్‌లోంచి సబ్సిడీ తీసేసిన ₹16.64 లక్షల నికర అప్పుమీద వేస్తే మొదటి పూర్తి ఏడాది అసలు 2.56, వడ్డీ 1.69, మొత్తం 4.25. డీఎస్‌సీఆర్, అంటే వాయిదాలకు మిగులు ఎన్ని రెట్లుందో చూపే అంకె, 1.42. అదే బ్రాంచి వాళ్లు పూర్తి ₹32.45 లక్షల మీద వేస్తే అసలు 4.99, సబ్సిడీ మొత్తం మీద వడ్డీ పడదు కాబట్టి వడ్డీ 1.56, మొత్తం 6.55. డీఎస్‌సీఆర్ 0.92, అంటే వాయిదా కట్టడానికి మిగులు చాలదు. రిపోర్టు చూపించిన 3.6 ఈ రెంటిలో దేనికీ దగ్గర లేదు. కాబట్టి శాంక్షన్ లెటర్ మీద సంతకం పెట్టకముందే ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: సబ్సిడీ డిపాజిట్‌లో ఉన్న మూడేళ్లు నెలవారీ వాయిదా ఏ మొత్తం మీద వేస్తారు?

1.42 అయినా నిశ్చింతగా ఉండే అంకె కాదు. పొడి రాబడి 90 శాతానికి బదులు 88 శాతమే వస్తే మిర్చికి ₹2.84 లక్షలు అదనం, డీఎస్‌సీఆర్ 0.75కు పడుతుంది. మిర్చి కిలోకు ₹5 పెరిగి, పొడి ధర పెంచలేకపోతే ₹3.90 లక్షలు పోయి 0.50 దగ్గర ఆగుతుంది. తూకం పరీక్ష మీద అంత గట్టిగా చెప్పింది ఇందుకే. ఈ రెండు పరీక్షలనూ రిపోర్టులో పెట్టండి, దాచొద్దు.

వర్కింగ్ క్యాపిటల్ ₹11 లక్షలు నెల తిరుగుడుకు అటూఇటుగా సరిపోతుంది. నెలకు ఒక్క మిర్చికే ₹10.40 లక్షలు కావాలి. యార్డులో రైతు సరుకుకు అప్పు దొరకదు, షాపులు మాత్రం అప్పు అడుగుతాయి. పది రోజుల స్టాకు, పదిహేను రోజుల బాకీలు దాటితే డబ్బు ఇరుక్కుంటుంది. రిపోర్టులో ఒకచోట బాకీలు 45 రోజులని ఉంది, దాన్ని మార్చాలి. సీజన్‌లో కొని నిలవ పెట్టుకుంటామన్న వాక్యం ఈ డబ్బుతో జరిగే పని కాదు, అదీ తీసేయండి.

ఖాళీగా ఉన్న కెపాసిటీలో ఊళ్లవాళ్ల మిర్చి కూలికి పట్టడం మంచి ఊతం. కిలోకు ₹20 చొప్పున 20 టన్నులు పడితే ₹4 లక్షలు, అందులో కరెంటు ₹50 వేలు పోతుంది. దానికి స్టాకు డబ్బు పెట్టనక్కర్లేదు. అయితే దగ్గర్లోని మరలు ఇప్పుడు ఎంత తీసుకుంటున్నాయో, మీ దగ్గరికి ఎవరు వస్తారో తెలుసుకున్నాకే దీన్ని లెక్కలో చేర్చండి. అప్పటిదాకా విడి పేరాగా ఉంచండి.

రిపోర్ట్ తయారుచేసిన వారికి ఈ నోట్ యథాతథంగా ఇవ్వండి. సరిచేసిన కాపీ, తూకం కాగితం, 36 హెచ్‌పీ ఎస్టిమేటు మూడూ వచ్చాక వాయిదాల పట్టికను నేను ఇంకోసారి చూసి సంతకం చేస్తాను.

చార్టర్డ్ అకౌంటెంట్
హనుమకొండ