ఉద్దానం డయాలసిస్ వ్యాను కోసం వేలం పాట: శ్రీకాకుళం కల్యాణ మండపంలో వ్యాఖ్యాత మాటలు

అందరికీ నమస్కారమండీ! కూర్చోండి, కూర్చోండి. వెనకాల గుమ్మం దగ్గర నిలబడ్డ బాబులూ, ముందుకి రండి. ముందు వరస కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే పాట పాడించేస్తారేమోనని భయపడకండి. ఇక్కడ బలవంతం లేదు. పాడినవాళ్ళకి వస్తువు, పాడనివాళ్ళకి పనసపొట్టు కూర, ఇద్దరికీ మా నమస్కారం.

మొదలుపెట్టే ముందు రెండు మాటలు. డబ్బు దేనికో చెప్పకుండా పాట మొదలెడితే నాకు నిద్ర పట్టదు. కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచి డయాలసిస్ కోసం పలాస వెళ్ళేవాళ్ళు మనలో చాలామందికి తెలిసినవాళ్ళే, కొందరికి చుట్టాలే. వారానికి రెండు మూడుసార్లు వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. లేచాక కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు పీకుతాయి. ఆ మనిషి షేర్ ఆటోలో చివర కూర్చుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో కట్టు నొక్కుకుంటూ ఇంటికి వెళ్తున్నాడు. మనం కొనేది వాళ్ళని ఇంటి దగ్గర ఎక్కించుకుని ఇంటి దగ్గరే దింపే వ్యాను. రోడ్డు మీదకి వచ్చేసరికి 7 లక్షల 40 వేలు అవుతుంది. టికెట్లు, విరాళాలు కలిపి ఇప్పటికి 4 లక్షల 80 వేలు వచ్చాయి. ఇంకా 2 లక్షల 60 వేలు కావాలి. అంతే లెక్క, ఇంకేం దాచలేదు.

పాట పద్ధతి అందరికీ తెలిసిందే. మీ చేతిలో నంబరు అట్ట ఉంది. అట్ట పైకెత్తితేనే పాట. చెయ్యి ఊపితే పాట కాదు, ఎవరినో పలకరిస్తున్నారనుకుంటాను. పొరపాటున ఎత్తితే వెంటనే చెప్పండి, తీసేస్తాను, ఎవరూ నవ్వరు. నవ్వితే నాతో చెప్పండి. సరే, మొదలెడదామా?

మొదటిది, నోరు తీపి చేసేది. పలాస జీడిపప్పు, 5 కిలోలు, గుండు పప్పు, ఒక్క ముక్క కూడా లేదు. డబ్బా మూత తీసి చూపించు బాబూ... చూడండి, ఎలా మెరుస్తోందో. కమిటీ వారి పాట 5 వేలు! 5 వేలు ఎవరు? 7వ నంబరు, బాబుగారు, సంతోషం. 5,500? 22వ నంబరమ్మగారు. 6 వేలు? మళ్ళీ 7. 6,500 అమ్మగారు. 7 వేలు! 8 వేలా? ఒకేసారి వెయ్యి పెంచేశారు, ఇంట్లో పెళ్ళేదో ఉన్నట్టుంది. 9 వేలు, 7వ నంబరు. 10 వేలు, అమ్మగారు. 11 వేలు? బాబుగారు 11 వేలు అన్నారు. అమ్మగారూ, ఇంకో పాటా? తలూపారు, చాలన్నారు. చాలా మర్యాదగా ఆడారమ్మా, మీ వల్లే పాట ఇంత దూరం వచ్చింది. 11 వేలు ఒకటోసారి... రెండోసారి... మూడోసారి! 7వ నంబరు బాబుగారికి పాట ఖాయం. చప్పట్లు కొట్టండి, ఇద్దరికీ!

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి మాట్లాడుతాను. ఈ రెండో వస్తువు గురించి ఆగకపోతే పొందూరు వాళ్ళు నన్ను ఊళ్ళోకి రానివ్వరు. పొందూరు ఖద్దరు పంచె, ఉత్తరీయం. సైజు చూసి చిన్నదనుకోకండి. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చిన్న పళ్ళ మధ్య దూది లాగితే చెత్త, గింజ అన్నీ వెనకే ఉండిపోతాయి. ఆ తర్వాత చేత్తో వడికి, చేత్తో నేస్తారు. గాంధీజీ మెచ్చిన బట్ట, అక్కినేని నాగేశ్వరరావు గారు కట్టిన బట్ట. అమ్మా, మీరు ఆ అంచుని వేలితో తడిమి చూడండి... ఏమైంది, మాట రావట్లేదా? అదే పొందూరు. దూరంగా ఉన్నవాళ్ళకి కూడా చూపిస్తాం, బాబు పట్టుకుని వరసల మధ్య తిరుగుతాడు. చేతులు తుడుచుకుని ముట్టుకోండి, బజ్జీలు తిన్న చేతులు వద్దు!

కమిటీ వారి పాట 10 వేలు. 10 వేలు, 31వ నంబరు, మాస్టారూ, నమస్కారం. 12 వేలు, 16వ నంబరు. 14, మాస్టారు. 16, పదహారో నంబరుకి పదహారు వేలు, ఎంత బాగా కుదిరింది! 18? 45వ నంబరు, వెనక వరస నుంచి వచ్చారు, ఆలస్యంగా వచ్చినా అందంగా వచ్చారు. 20 వేలు, మాస్టారు. 22, 45. 24... మాస్టారూ, ఆలోచించుకోండి, తొందర లేదు, ఇంటి మాట కూడా కనుక్కోండి, పక్కనే ఉన్నారు కదా. ఆవిడ ఏమంటున్నారు? 'ఊ' అన్నారు! 24 మాస్టారిది. 26, 45. 28, మాస్టారు. 30, 45. 32? మాస్టారు నవ్వుతున్నారు, అట్ట కిందకి దించారు. మాస్టారూ, మీరు ఇప్పటిదాకా పాడింది వ్యానుకి రెండు టైర్లు వేసినట్టే, మా కృతజ్ఞతలు. 30 వేలు 45వ నంబరు దగ్గర ఉంది. 32 ఎవరైనా? 16వ నంబరు, మళ్ళీ వచ్చారా! 32 వేలు. 34? 45వ నంబరు. 34 వేలు! 16వ నంబరు బాబుగారూ, 36? వద్దా? సరే, నేను అడిగింది ఒక్కసారే, ఇంక అడగను. 34 వేలు ఒకటోసారి. పంచె కట్టుకుని ఏడు రోడ్ల జంక్షన్‌లో నడిస్తే ట్రాఫిక్ ఆగిపోతుంది. రెండోసారి. మూడోసారి! 45వ నంబరుకి ఖాయం. కట్టుకున్న రోజు మాకు ఒక ఫోటో పంపించండి.

మూడోది త్వరగా అయిపోద్ది. బుడితి ఇత్తడి దీపాల జత. సారవకోట మండలం వాళ్ళకి నేను ఏమీ చెప్పక్కర్లేదు, మన ఊళ్ళో చాలా ఇళ్ళ దేవుడి గూళ్ళలో ఇవి ఉండే ఉంటాయి. కమిటీ వారి పాట 6 వేలు. 6, 8, 10! ముగ్గురూ ఒకేసారి ఎత్తారు. నాకు ముందు కనిపించింది 19వ నంబరు. మిగతా ఇద్దరు అన్యాయం అనుకోకండి, 12 అంటే తర్వాత మీదే. 12, 28వ నంబరు. 14, 19. 16, 28వ నంబరు అమ్మగారు. 18? లేదు. 16 వేలు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అమ్మగారికి అభినందనలు. జత పూర్తిగా బరువుంది, బాబు మీ కారు దాకా మోసుకొస్తాడు.

ఇంతవరకు 61 వేలు. కొంచెం మంచినీళ్ళు తాగండి, నేనూ తాగుతాను. ఎందుకంటే ఇప్పుడు వచ్చేదానికి నా గొంతు కావాలి.

బొబ్బిలి వీణ!

తీసుకురండి, జాగ్రత్తగా... కుర్చీలకి తగలకుండా. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసింది. పనస దుంగ ఒకటే, అతుకు లేదు. కుండ, దండి రెండూ ఆ ఒక్క కొయ్యలోంచే వచ్చాయి, అందుకే దీన్ని ఏకాండి వీణ అంటారు. ఇందాక వంటింట్లోంచి పనసపొట్టు వాసన వచ్చింది, ఇప్పుడు అదే చెట్టు వేదిక మీదకి వచ్చింది! మైనం మీద కూర్చోబెట్టిన 24 మెట్లు లెక్కపెట్టుకోండి. తంత్రులు ఏడు, అందులో నాలుగు వాయించడానికి, మూడు తాళానికి. తల్లీ, నువ్వు వీణ నేర్చుకుంటున్నావు కదూ, పైకి రా, ఒక్క తంత్రి మీటు... విన్నారా? ఆ మోత ఇంకా గోడల్లోనే ఉంది. కూర్చో తల్లీ, థాంక్స్.

కమిటీ వారి పాట 30 వేలు. ఎవరు తొలి అట్ట? 18వ నంబరు, డాక్టరమ్మగారు, నమస్తే. 40? 42వ నంబరు, పలాస నుంచి వచ్చిన పప్పు వ్యాపారి బాబుగారు. 50, డాక్టరమ్మగారు. 60, 42. 70, 18. 80, పలాస! 90, డాక్టరమ్మగారు. లక్ష? లక్ష! లక్ష రూపాయలు పలాస బాబుగారి పాట!

ఇక్కడ ఆగుతాను. లక్ష అనే మాట విన్నాక గొంతు తడారిపోతుంది. ఎవరికీ తొందర లేదు, గడియారం నా దగ్గరే ఉంది. డాక్టరమ్మగారూ, మీరు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నారు, మాట్లాడండి, మేం పాట పట్టుకునే ఉంటాం... సరేనన్నారా? 1 లక్ష 10 వేలు, డాక్టరమ్మగారు! 1 లక్ష 20, పలాస. 1 లక్ష 30, ఇద్దరూ నా వైపు చూడట్లేదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు, మంచిదే. 1 లక్ష 40, 42వ నంబరు. 1 లక్ష 51 వేలు? ఆ ఒక్క వెయ్యి నా మాట కాదు, డాక్టరమ్మగారి మాట. 1 లక్ష 51 వేలు!

పలాస బాబుగారూ, 1 లక్ష 60? మీరు వద్దంటే మాకు ఏ లోటూ లేదు. మీరు ఇంత దూరం తీసుకొచ్చారు కాబట్టే వీణకి ఈ ధర వచ్చింది, అది ఈ హాల్లో ఎవరూ మర్చిపోరు. ... రెండు చేతులూ జోడించారు. మేమూ జోడిస్తున్నాం బాబూ. 1 లక్ష 51 వేలు, ఒకటోసారి. హాల్లో ఇంకెవరైనా? వెనక వరస? రెండోసారి. బాల్కనీ? బాల్కనీలో పిల్లలు తప్ప ఎవరూ లేరు. మూడోసారి! డాక్టరమ్మగారికి పాట ఖాయం! గట్టిగా కొట్టండి, గొల్లపల్లి దాకా వినపడాలి!

లెక్క రాస్తున్న అన్నగారు ఏమంటున్నారు? వేలం మొత్తం 2 లక్షల 12 వేలు. అంటే మనకి ఇంకా 48 వేలు తక్కువ. ఇప్పుడు వేలం కాదు, వస్తువు లేదు, పోటీ లేదు. ఇష్టమున్నవాళ్ళు చెయ్యి ఎత్తితే చాలు. లేకపోయినా పరవాలేదు, కూర్చునే ఉండండి, ఎవరూ ఎవరి వైపూ చూడకూడదు.

5 వేలు ఇచ్చేవాళ్ళు? పలాస బాబుగారే మొదటి చెయ్యి! మాస్టారు, 16వ నంబరు, 22వ నంబరు అమ్మగారు. నలుగురు, 20 వేలు. 2 వేలు? ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. 16 వేలు. ఇంకో 12 వేలు. వెయ్యి రూపాయలు? చేతులు దించకండి, లెక్కపెట్టనివ్వండి, ఎడమ వైపు ఆరు, కుడి వైపు ఐదు, వంట మేస్త్రిగారు వంటింటి గుమ్మంలోంచి గరిటె ఎత్తారు, పన్నెండు! గరిటె కూడా చెల్లుతుంది. ఇంకా ముగ్గురు ఉన్నారు, 15 వేలు అయింది. పైన వచ్చిన 3 వేలు డీజిల్‌కి రాసుకోండి అన్నగారూ. వ్యాను వచ్చేసినట్టే!

పాడినవాళ్ళు కుడివైపు బల్ల దగ్గర నంబరు అట్ట చూపించి డబ్బు కట్టండి. నగదు, చెక్కు, ఫోన్‌లో పంపడం, ఏదైనా సరే, రసీదు అక్కడే ఇస్తారు. వస్తువు ఇవాళే తీసుకెళ్ళచ్చు. వీణకి మాత్రం పెట్టె తయారవుతోంది, రేపు ఉదయం మా వాళ్ళే డాక్టరమ్మగారి ఇంటికి తెచ్చి ఇస్తారు. అట్టలు తిరిగి ఇచ్చేయండి, వచ్చే ఏడాదికి పనికొస్తాయి. భోజనాలు వడ్డించారు, ముందు పెద్దవాళ్ళు, పిల్లలు. టెక్కలి వైపు వెళ్ళే బస్సు తొమ్మిదిన్నరకి, అటు వెళ్ళేవాళ్ళు మొదటి బంతిలో కూర్చోండి.