ద్విచక్ర వాహనం దొంగతనంపై బీమా క్లెయిము కోరుతూ లేఖ

బూరుగులంక,
పి. గన్నవరం మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.
తేది: 11-08-2025

శాఖా మేనేజరు గారికి,
మోటారు క్లెయిముల విభాగం, అమలాపురం శాఖ.

విషయం: ఏపీ 39 జెకె 4417 నంబరు మోటారు సైకిలు దొంగతనం – క్లెయిము పరిష్కారానికి అభ్యర్థన – పోలీసు రిపోర్టు, రెండు తాళంచెవుల సమర్పణ – సమాచారం ఆలస్యంగా ఇచ్చినందుకు వివరణ.

సూచిక: సొంత నష్టం పాలసీ నం. 31070425118, గడువు 14-11-2024 నుంచి 13-11-2025 వరకు. ఫోను ద్వారా 08-08-2025న నమోదైన క్లెయిము నం. 2508613.

అయ్యా,

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి వద్ద గుమస్తాగా పనిచేస్తున్నాను. పై నంబరు గల నలుపు రంగు 125 సీసీ మోటారు సైకిలును 2021 నవంబరులో కొత్తగా కొన్నాను. దానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా అప్పుడే తీసుకున్నాను, సొంత నష్టం బీమాను మాత్రం మీ శాఖలో ఏటా తప్పకుండా రెన్యువల్ చేయిస్తూ వచ్చాను. ప్రస్తుత పాలసీలో బండి బీమా విలువ రూ. 49,200గా ఉంది. బండిపై తీసుకున్న రుణం 2024లో పూర్తిగా తీరిపోయింది. హైపోథికేషన్ తొలగించిన ఆర్.సి. జతచేస్తున్నాను.

వానాకాలంలో నది పెరిగి తాత్కాలిక దారి మునిగిన తరువాత మా లంకకు పడవ తప్ప వేరే మార్గం ఉండదు. అందువల్ల ఉద్యోగాలకు వెళ్లే మావంటివారందరం బండ్లను అవతలి ఒడ్డున రేవు దగ్గరే ఉంచి, పడవ ఎక్కి ఇళ్లకు వస్తాము. 26-07-2025 శనివారం సాయంత్రం సుమారు 7 గంటలకు నేను కూడా అలాగే రేవు పక్కనున్న టీ కొట్టు వెనుక, నిద్రగన్నేరు చెట్టు కింద, బండికి హ్యాండిల్ లాక్ వేసి, తాళంచెవి జేబులో పెట్టుకొని పడవ ఎక్కాను. ఆదివారం పని లేనందున అవతలికి రాలేదు. 28-07-2025 సోమవారం ఉదయం 6.15 గంటలకు రేవు దాటి చూసేసరికి బండి లేదు.

పోలీసులకు వెంటనే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పవలసి ఉంది. ఆదివారం రాత్రి నీరు పెరిగి చెట్టు మొదలు దాకా వచ్చింది. అటువంటప్పుడు రేవులో ఉన్నవారు, బండి ఎవరిదైనా సరే, తాళం వేసి ఉంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి ఏటిగట్టు మీదకు చేర్చడం మా ప్రాంతంలో అలవాటు. రెండేళ్ల కిందట నా ఇదే బండిని అలా మోసి గట్టు మీద పెట్టిన పడవవారే నాకు కబురు పంపారు. ఈసారి కూడా అదే జరిగి ఉంటుందని నమ్మి, సోమవారమంతా గట్టు వెంట రెండు వైపులా వెతికాను. గట్టు మీద నిలిపి ఉన్న బండ్లన్నిటినీ చూశాను, పడవవారిని, టీ కొట్టు యజమానిని అడిగాను. బండిని తాము కదపలేదని వారందరూ చెప్పిన తరువాతే ఇది దొంగతనమని నాకు రూఢి అయింది. అప్పటికి చీకటిపడి ఆఖరి పడవకు వేళైనందున, మరునాడు 29-07-2025 మంగళవారం ఉదయం 9 గంటలకు పి. గన్నవరం పోలీసు స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. అదే రోజు క్రైమ్ నం. 118/2025గా, భారతీయ న్యాయ సంహిత 303(2) సెక్షను కింద ఎఫ్.ఐ.ఆర్. నమోదైంది. ఎస్.ఐ. గారు రేవుకు వచ్చి స్థలాన్ని పరిశీలించి, టీ కొట్టు యజమాని వాంగ్మూలం తీసుకున్నారు. దర్యాప్తు ఇంకా నడుస్తున్నది. బండి ఆచూకీ లభించలేదన్న తుది నివేదికను పోలీసువారు కోర్టుకు సమర్పించిన పక్షంలో, దాని ధ్రువీకృత నకలును నాకు అందిన వెంటనే మీకు దాఖలు చేస్తాను.

మీకు సమాచారం ఇవ్వడంలో జరిగిన ఆలస్యం ఇంతకంటే ఎక్కువ. ఎఫ్.ఐ.ఆర్. నమోదైన మరునాడు, అంటే 30-07-2025 తెల్లవారుజామున, మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మడత మంచం మీద పడుకోబెట్టి, ఆ మంచంతో సహా పడవలోకి ఎక్కించి, అవతలి ఒడ్డు నుంచి అంబులెన్సులో కాకినాడ తీసుకువెళ్లి ఆసుపత్రిలో చేర్చాము. 06-08-2025 వరకు ఆయన అక్కడే ఉన్నారు. ఇంటికి నేనొక్కడినే కొడుకును కావడం వల్ల రాత్రింబవళ్లు ఆయన దగ్గర ఉండవలసి వచ్చింది. పాలసీ కాగితం ఇంటి బీరువాలో ఉండిపోయింది, దాని నంబరు నాకు గుర్తులేదు. అయినా బండి నంబరుతోనే మీ శాఖకు ఒక ఫోను చేసి ఉండవచ్చునని ఇప్పుడు అనిపిస్తున్నది. ఆ రోజుల్లో ఆ ఆలోచన రాలేదు. నాన్నగారిని ఇల్లు చేర్చి, కాగితం వెతికి తీసి, 08-08-2025న ఫోను చేశాను. ఆసుపత్రి డిశ్చార్జి పత్రం నకలు జతచేస్తున్నాను.

దొంగతనంపై పోలీసు ఫిర్యాదు సకాలంలో నమోదై, దొంగతనం నిజమని తేలినప్పుడు, బీమా సంస్థకు సమాచారం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమును తిరస్కరించరాదని సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం గుర్‌శిందర్ సింగ్ కేసులో 24-01-2020న తీర్పునిచ్చింది. ఆలస్యానికి తగిన కారణం ఉన్న నిజమైన క్లెయిములను యాంత్రికంగా తోసిపుచ్చవద్దని బీమా నియంత్రణ సంస్థ కూడా 20-09-2011 నాటి సర్క్యులరులో సంస్థలకు సూచించింది. నా విషయంలో మీకు సమాచారం చేరేనాటికే పోలీసు దర్యాప్తు పది రోజులుగా జరుగుతున్నందున, ఈ ఆలస్యం వల్ల బండిని వెతికే అవకాశం చేజారలేదని మనవి చేస్తున్నాను.

ఈ లేఖతో పాటు బండి అసలు తాళంచెవులు రెండింటినీ సీలు చేసిన కవరులో స్వయంగా అందజేస్తున్నాను. ఒకటి నేను రోజూ వాడినది: నల్లని తలపై అక్షరాలు అరిగిపోయి, కొస దగ్గర నునుపెక్కి, ఇత్తడి రింగుకు కట్టి ఉంది. రెండవది కొన్ననాటి నుంచి బీరువాలోనే ఉన్నందున కొత్తదిలా ఉంది, షోరూములో ఇచ్చిన నంబరు బిళ్ల కూడా దానికి అలాగే ఉంది. రెండింటి మధ్య ఈ తేడా సర్వేయరు గారికి సందేహం కలిగించకూడదని ముందుగా తెలియజేస్తున్నాను. ఇవి కాక మారు తాళంచెవి ఏదీ నేను చేయించలేదు, బండిని ఎవరికీ అరువు ఇవ్వలేదు, చెవిని బండికే వదిలి వెళ్లలేదు. చెవులు స్వీకరించినట్టు వాటి గుర్తులతో సహా, సంతకం, తేదీ, కార్యాలయ ముద్రతో ఈ లేఖ నకలుపై రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

దొంగతనం సంగతి రవాణా కార్యాలయానికి కూడా ఈ రోజే రాతపూర్వకంగా తెలియజేశాను. దాని రసీదు, పూర్తి చేసిన క్లెయిము ఫారము, ఎఫ్.ఐ.ఆర్. నకలు, పాలసీ, డ్రైవింగ్ లైసెన్సు, నా బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకళ్లు జతపరిచాను. ఫారం 28, 29, 30లపై సంతకాలు, హక్కుల బదలాయింపు పత్రం మీరు కోరిన రోజున వచ్చి ఇస్తాను. క్లెయిము సొమ్ము చెల్లించిన తరువాత బండి దొరికితే, దానిపై హక్కు మీ సంస్థదేనని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.

సర్వేయరు గారు స్థలాన్ని చూడదలిస్తే ఒక రోజు ముందు తెలియజేయవలసిందిగా మనవి. నాన్నగారి దగ్గర ఒకరిని ఉంచి, ఉదయం మొదటి పడవకే నేను రేవుకు వచ్చి ఉంటాను.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)
కె. సత్యనారాయణ
పాలసీదారుడు