ఇన్సులిన్‌లు, మధుమేహం మాత్రలు: పునశ్చరణ ప్రశ్నలు, జవాబులు

ఫార్మకాలజీ, ఎంబీబీఎస్ రెండో సంవత్సరం, విశాఖపట్నం. జవాబును చేత్తో మూసి, ముందు మీ సమాధానం కాగితం మీద రాయండి. ఆ తర్వాతే వివరణ చదవండి.

ఏ మందు పేరు కనిపించినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: రక్తంలో గ్లూకోజు ఎంత ఉందో పట్టించుకోకుండా ఇన్సులిన్‌ను పెంచే మందా ఇది? అవునంటే హైపోగ్లైసీమియా భయం ఉంది, బరువు కూడా పెరుగుతుంది. కాదంటే సాధారణంగా ఆ రెండూ ఉండవు. దీనికి లొంగని మందు ఒకటి ఉంది. అది ఏడో ప్రశ్నలో వస్తుంది.

ప్రశ్న 1. చర్మం కింద ఇచ్చినప్పుడు పని మొదలుపెట్టే వేగాన్ని బట్టి సరైన వరుస ఏది?
అ. రెగ్యులర్, లిస్‌ప్రో, ఎన్‌పీహెచ్
ఆ. లిస్‌ప్రో, రెగ్యులర్, ఎన్‌పీహెచ్
ఇ. లిస్‌ప్రో, ఎన్‌పీహెచ్, రెగ్యులర్
ఈ. ఎన్‌పీహెచ్, రెగ్యులర్, లిస్‌ప్రో

జవాబు: ఆ. లిస్‌ప్రో సుమారు 15 నిమిషాల్లో, రెగ్యులర్ అరగంటలో, ఎన్‌పీహెచ్ ఒకటి రెండు గంటల్లో మొదలవుతాయి. రెగ్యులర్ ఇన్సులిన్ అణువులు ఆరేసి కలిసి జింకు చుట్టూ గుంపుగా ఉంటాయి. గుంపు విడిపోతే తప్ప రక్తంలోకి చేరలేవు. లిస్‌ప్రోలో బి గొలుసు 28, 29 స్థానాల్లోని ప్రోలిన్, లైసిన్ చోట్లు మార్చుకోవడంతో గుంపు వదులై త్వరగా విడిపోతుంది. ఆస్పార్ట్‌లో 28వ స్థానంలోని ప్రోలిన్ బదులు ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటుంది, ఫలితం అదే. అందుకే రెగ్యులర్‌ను భోజనానికి అరగంట ముందు, లిస్‌ప్రోను భోజనానికి కూర్చోబోతూ తీసుకోవాలి.

ప్రశ్న 2. గాజువాకలో ఉండే ఒక కర్మాగార ఉద్యోగి 30/70 మిశ్రమ ఇన్సులిన్ ఉదయం 7 గంటలకు తీసుకుని, వెంటనే ఇడ్లీలు తిని డ్యూటీకి వెళ్తాడు. పనిలో మధ్యాహ్న భోజనం 3 గంటల దాకా కుదరదు. రెండు గంటల ప్రాంతంలో చెమటలు, వణుకు. ఉదయం ఫలహారం తర్వాత 9 గంటలకు చూస్తే మాత్రం గ్లూకోజు ఎక్కువ. రెండింటికీ కారణాలు చెప్పండి.

జవాబు: ఈ మిశ్రమంలో 30 శాతం రెగ్యులర్, 70 శాతం ఎన్‌పీహెచ్. ఎన్‌పీహెచ్ ప్రభావం 4 నుంచి 10 గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది, అంటే ఈయన విషయంలో ఉదయం 11 నుంచి సాయంత్రం 5 లోపు. సరిగ్గా అప్పుడే కడుపు ఖాళీగా ఉంది. తొమ్మిది గంటల ఎక్కువకు కారణం వేరు: ఇంజెక్షన్ చేసుకున్న వెంటనే తినడంతో రెగ్యులర్ భాగం మేల్కొనేలోపే ఇడ్లీ పిండిపదార్థం రక్తంలోకి చేరిపోయింది. ఈ రెండో భాగాన్ని చాలామంది వదిలేస్తారు. పైగా 9 గంటల సంఖ్య చూసి మోతాదు పెంచేస్తే రెండు గంటల చెమటలు ఇంకా తీవ్రమవుతాయి. ఇక్కడ మార్చవలసింది మోతాదు కాదు, వేళలు. భోజనం వేళ ఎప్పటికీ కుదరని ఉద్యోగమైతే, గరిష్ఠం లేని దీర్ఘకాల ఇన్సులిన్‌కు మళ్లించి, భోజనానికి ముందు త్వరిత ఇన్సులిన్ ఇవ్వడం గురించి ఆలోచించాలి.

ప్రశ్న 3. తప్పా, ఒప్పా: గ్లార్జిన్ తేటగా ఉంటుంది కాబట్టి రెగ్యులర్‌తో ఒకే సిరంజిలో కలపవచ్చు.

జవాబు: తప్పు. గ్లార్జిన్ ద్రావణం ఆమ్లగుణంతో, పీహెచ్ 4 దగ్గర ఉంటుంది. చర్మం కిందికి చేరగానే అక్కడి తటస్థ పీహెచ్‌లో సూక్ష్మ అవక్షేపంగా మారి, దాదాపు 24 గంటల పాటు కొద్దికొద్దిగా కరుగుతుంది. వేరే ఇన్సులిన్‌తో కలిపితే ఆ అవక్షేపం సిరంజిలోనే మొదలుకావచ్చు. డెటిమిర్ పద్ధతి వేరు: కొవ్వు ఆమ్లపు తోకతో ఆల్బుమిన్‌ను పట్టుకుని నిదానిస్తుంది. డెగ్లూడెక్ చర్మం కింద పొడవాటి గుంపుల గొలుసులా మారి 42 గంటలు దాటి పనిచేస్తుంది.

ప్రశ్న 4. డాక్టరు 20 యూనిట్లు రాశారు. ఇంట్లో ఉన్నది మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా. మందుల దుకాణంలో దొరికింది నారింజ మూత ఉన్న 100 యూనిట్ల సిరంజి. దానిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి ఎన్ని యూనిట్లు వెళ్తాయి? తారుమారైతే?

జవాబు: 100 సిరంజిలో 20 గీత అంటే 0.2 మిల్లీలీటర్లు. 40తో హెచ్చిస్తే 8 యూనిట్లు. రోగికి గ్లూకోజు తగ్గదు, మందు పనిచేయడం లేదంటారు. తారుమారైతే, అంటే 100 యూనిట్ల సీసా, ఎర్ర మూత ఉన్న 40 సిరంజి అయితే, 20 గీత అంటే 0.5 మిల్లీలీటర్లు. ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. ఇది ప్రాణం మీదికి వస్తుంది. సీసా మీది సంఖ్య, సిరంజి మీది సంఖ్య ఒకటే కావాలి. మన దేశంలో రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి కాబట్టి పరీక్షలో ఈ లెక్క రాకపోయినా వార్డులో తప్పక వస్తుంది.

ప్రశ్న 5. కీటోఅసిడోసిస్‌లో సిరలోకి ఎక్కించడానికి మొదట ఎంచుకునే ఇన్సులిన్ ఏది? ఆపేముందు ఏం చేయాలి?

జవాబు: రెగ్యులర్. సిరలో దాని ఆయువు నిమిషాల్లోనే. అందుకే డ్రిప్ ఆపడానికి గంట, రెండు గంటల ముందే చర్మం కింద దీర్ఘకాల ఇన్సులిన్ ఇచ్చి ఉండాలి. లేకపోతే మధ్యలో ఇన్సులిన్ లేని ఖాళీ ఏర్పడి కీటోన్లు తిరిగి వస్తాయి.

ప్రశ్న 6. పెందుర్తి నుంచి 72 ఏళ్ల పెద్దాయన. కొన్నేళ్లుగా గ్లిబెన్‌క్లమైడ్ వాడుతున్నారు, క్రియాటినిన్ 2.4. రెండు రోజులుగా జ్వరం, అన్నం సహించడం లేదు, మాత్ర మాత్రం మానలేదు. స్పృహ లేకుండా తెచ్చారు. గ్లూకోజు 34. డెక్స్‌ట్రోజ్ ఎక్కించిన పది నిమిషాలకు లేచి కూర్చున్నారు. కొడుకు ఇంటికి తీసుకెళ్తానంటున్నాడు. పంపవచ్చా?

జవాబు: పంపకూడదు. సల్ఫోనిల్‌యూరియా బీటా కణం మీది ఎస్‌యూఆర్1 భాగానికి అతుక్కుని, ఏటీపీకి లోబడే పొటాషియం మార్గాన్ని మూసేస్తుంది. పొర విద్యుత్తు మారుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి వస్తుంది. మామూలుగా గ్లూకోజు పెరిగితేనే ఆ మార్గం మూసుకుంటుంది. ఈ మందు గ్లూకోజు లేకపోయినా మూస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ విచ్ఛిన్నమైనాక వచ్చే పదార్థాలకూ కొంత శక్తి ఉంటుంది, అవి మూత్రపిండాల గుండా పోవాలి. ఈయనకు అదే దారి సన్నబడింది. ఎక్కించిన గ్లూకోజు ఖర్చయ్యాక మళ్లీ పడిపోతారు. పైగా ఆ గ్లూకోజే బీటా కణాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. కనీసం 24 గంటలు ఉంచి, గ్లూకోజు చూస్తూ, డెక్స్‌ట్రోజ్ డ్రిప్ కొనసాగించాలి. మళ్లీమళ్లీ పడిపోతుంటే ఇన్సులిన్ విడుదలను ఆపే ఆక్ట్రియోటైడ్ ఉంది. ఇంటికి పంపేటప్పుడు చీటీలో ఆ మాత్ర ఉండకూడదు.

మార్కులు పోయేది ఒకచోటే: మెకానిజం చక్కగా రాసి, రోగిని పంపేస్తారు.

ప్రశ్న 7. బరువు పెంచుతుంది, ఒంటరిగా వాడితే హైపో తేదు, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. ఏ మందు?
అ. గ్లిమెపిరైడ్ ఆ. మెట్‌ఫార్మిన్ ఇ. పయోగ్లిటజోన్ ఈ. లినాగ్లిప్టిన్

జవాబు: ఇ. మొదట చెప్పిన మినహాయింపు ఇదే. ఇది ఇన్సులిన్‌ను పెంచదు, ఉన్న ఇన్సులిన్‌కు కణజాలం స్పందించేలా చేస్తుంది. కేంద్రకంలోని పీపీఏఆర్ గామా గ్రాహకం ద్వారా జన్యువుల పనితీరు మారాలి, కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి. అందుకే పూర్తి ఫలితానికి 6 నుంచి 12 వారాలు. బరువులో కొంత కొవ్వు, కొంత నీరు. ఆ నీటి వల్లే గుండె వైఫల్యం ఉన్నవారికి ఇవ్వకూడదు. మన దేశంలో 2013 జూన్‌లో దీని అమ్మకం నిలిపివేసి, జూలై చివర హెచ్చరికలతో తిరిగి అనుమతించారు.

ప్రశ్న 8. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకు నలుగురు బయలుదేరారు, దాదాపు 32 కిలోమీటర్ల నడక. ఒకరిది మెట్‌ఫార్మిన్, ఒకరిది గ్లిక్లజైడ్, ఒకరిది సిటాగ్లిప్టిన్, ఒకరిది డాపాగ్లిఫ్లోజిన్. ఎవరికీ రెండో మందు లేదు. జేబులో గ్లూకోజు పొడి తప్పనిసరిగా ఎవరికి ఉండాలి? నీళ్ల విషయంలో ఎవరిని హెచ్చరిస్తారు?

జవాబు: గ్లూకోజు పొడి గ్లిక్లజైడ్ వాడేవారికి. నడకలో కండరాలు ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజును లాక్కుంటాయి, మాత్రేమో ఇన్సులిన్‌ను వదులుతూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం కొత్త గ్లూకోజు తయారు చేయడాన్ని తగ్గిస్తుంది, ఇన్సులిన్‌ను పెంచదు. సిటాగ్లిప్టిన్ డీపీపీ-4ను అడ్డుకుని జీఎల్‌పీ-1, జీఐపీ ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. అవి గ్లూకోజు ఎక్కువగా ఉన్నప్పుడే బీటా కణాన్ని కదిలిస్తాయి, తగ్గగానే ఊరుకుంటాయి. అందుకే ఇన్సులిన్‌తో సంబంధం ఉన్నా హైపో అరుదు, బరువులో తేడా రాదు. డాపాగ్లిఫ్లోజిన్ గ్లూకోజును మూత్రంలోకి పంపుతుంది, దాంతో నీరూ పోతుంది. ఉక్కపోతలో నీళ్ల హెచ్చరిక వీరికి.

ప్రశ్న 9. గ్లిమెపిరైడ్, వోగ్లిబోస్ రెండూ వాడే ఆవిడకు చెమటలు, గ్లూకోజు 58. ఇంట్లోవాళ్లు పంచదార నీళ్లు తాగించారు. తేరుకోలేదు. ఎందుకు?

జవాబు: పంచదార పేగులో గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోవాలి. ఆ ఎంజైములనే వోగ్లిబోస్ అడ్డుకుంది. గ్లూకోజు పొడి అయితే విడదీయవలసింది ఏమీ లేదు. ఇంత సులభమైన సంగతి రోగికి ఎవరూ చెప్పకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు. వోగ్లిబోస్ ఒంటరిగా హైపో తేదు, అపరాధి గ్లిమెపిరైడే.

ప్రశ్న 10. ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతున్న వ్యక్తి శివరాత్రికి ఉపవాసం, జాగరణ చేశాడు. మర్నాడు వాంతులు, గాఢమైన శ్వాస. గ్లూకోజు 176. డ్యూటీ డాక్టరు మధుమేహానికి సంబంధం లేదన్నారు. మీరేమంటారు?

జవాబు: కీటోన్లు, రక్తంలో ఆమ్లత చూడాలి. ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్ పెరిగి, తిండి లేక కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతున్నాయి. గ్లూకోజు మాత్రం మూత్రంలో పోతూ ఉండటంతో సంఖ్య పెరగలేదు. అనుమానం ఉన్నప్పుడు 176 చూసి నిశ్చింత పడకూడదు. చికిత్సలో ఇన్సులిన్‌తోపాటు డెక్స్‌ట్రోజ్ కూడా మొదటి నుంచే కావాలి. పెద్ద శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందు ఈ మాత్ర ఆపేది కూడా ఇందుకే.

ప్రశ్న 11. ఒక్క వాక్యంలో జవాబులు.
భోజనం మానేస్తే ఆ పూట మానేయవలసిన మాత్ర? రెపాగ్లినైడ్.
ప్రోప్రనలాల్ వాడేవారిలో కూడా మిగిలే హైపో లక్షణం? చెమట.
మూత్రపిండాలు దెబ్బతిన్నా మోతాదు మార్చనక్కరలేని గ్లిప్టిన్? లినాగ్లిప్టిన్.
ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే ఆపవలసిన మొదటి వరుస మందు? మెట్‌ఫార్మిన్.
పరగడుపున కొద్ది నీళ్లతో మింగి, తినడానికి అరగంట ఆగవలసిన, బరువు తగ్గించే మాత్ర? సెమాగ్లూటైడ్.

ప్రశ్న 12. పది మార్కులు. మధురవాడ ఆటో డ్రైవరు, 46 ఏళ్లు, బీఎంఐ 31. పూర్తి మోతాదు మెట్‌ఫార్మిన్‌తో హెచ్‌బీఏ1సీ 8.4, ఈజీఎఫ్ఆర్ 78. రెండో మందుగా గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్, సిటాగ్లిప్టిన్, డాపాగ్లిఫ్లోజిన్‌లలో ఏది ఎంచుకుంటారు, ఎందుకు?

జవాబు: డాపాగ్లిఫ్లోజిన్. బండి నడిపేవారికి హైపో రావడం ఆయనకే కాదు, ఎక్కినవారికీ ప్రమాదం. బరువు ఇప్పటికే ఎక్కువ. మొదటి రెండు మందులు బరువు పెంచుతాయి, గ్లిమెపిరైడ్ హైపో కూడా తెస్తుంది. సిటాగ్లిప్టిన్ క్షేమమే, బరువు తగ్గించదు. డాపాగ్లిఫ్లోజిన్ 2020లో పేటెంటు ముగిశాక మన దేశంలో చవకైంది. అయితే ఆటో వాళ్లు మూత్రానికి ఆగడం కష్టమని నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఆ సంగతి అడగాలి, జననాంగాల దగ్గర ఫంగస్, దురద గురించి ముందే చెప్పాలి. నీళ్లు తాగడం కుదరదంటే సిటాగ్లిప్టిన్‌కు మారవచ్చు. గ్లిమెపిరైడ్ ఎంచుకున్నవారు హైపో లక్షణాలు, భోజన వేళలు, గ్లూకోజు పొడి గురించి రాస్తే నాలుగు మార్కులు ఇస్తాను. డాపాగ్లిఫ్లోజిన్ అని రాసి నీళ్ల ప్రస్తావన లేకపోతే ఆరు.